బైబ్యాక్ డబ్బు మీద పన్ను: ఒకే చెల్లింపు, రెండు లెక్కలు

2025 నవంబరులో ఇన్ఫోసిస్ తన వాటాదారుల నుంచి 10 కోట్ల షేర్లను, ఒక్కోటి రూ.1,800 చొప్పున, మొత్తం రూ.18,000 కోట్లకు తిరిగి కొన్నది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో మధ్యతరగతి డీమ్యాట్ ఖాతాల్లో ఆ షేరు ఉంది. ఆ డబ్బు బ్యాంకులో పడిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. ‘షేరు రూ.1,400కు కొన్నాను, రూ.1,800కు కంపెనీయే తీసుకుంది. నాకు వచ్చిన లాభం రూ.400. మరి పన్ను రూ.1,800 మీద ఎందుకు వేస్తున్నారు?’

ప్రశ్న న్యాయమైనదే. జవాబు తెలియాలంటే చట్టం ఈ చెల్లింపును ఎలా చూస్తోందో ముందు అర్థం చేసుకోవాలి. మనం దాన్ని అమ్మకంగా చూస్తున్నాం. 2024 అక్టోబరు 1 నుంచి చట్టం దాన్ని రెండు వేర్వేరు సంఘటనలుగా చూసింది. మొదటిది, కంపెనీ మనకు డివిడెండ్ ఇచ్చింది. రెండోది, మన షేరు ఏమీ రాకుండానే రద్దయిపోయింది. మొదటిదానిలో వచ్చిన మొత్తమంతా ఆదాయం. రెండోదానిలో కొన్న ధరంతా నష్టం. ఈ రెండు లెక్కలూ వేర్వేరు ఖాతాల్లో నడుస్తాయి, ఒకదానిలోంచి ఒకటి తీసివేయడం కుదరదు.

ఇలా ఎందుకు చేశారు?

అంతకుముందు బైబ్యాక్ పన్ను కంపెనీయే కట్టేది. మొదట 2013లో, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాని కంపెనీలకు ఆ పద్ధతి వచ్చింది. 2019 జూలై 5 నుంచి నమోదైన కంపెనీలకూ వర్తించింది. పన్ను రేటు 20 శాతం. సర్‌చార్జీ, సెస్సు కలిస్తే 23.296 శాతం. కంపెనీ కట్టేసింది కాబట్టి వాటాదారుకు చేతికొచ్చిన డబ్బు మీద పైసా పన్ను ఉండేది కాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. డివిడెండ్ మీద పన్ను 2020 ఏప్రిల్ నుంచి వాటాదారు స్లాబు ప్రకారమే పడుతోంది. అంటే రూ.100 డివిడెండ్‌గా వస్తే పై స్లాబులో ఉన్నవాళ్లు రూ.31 పైచిలుకు కట్టాలి. అదే రూ.100 బైబ్యాక్‌గా వస్తే వాళ్లు కట్టేది సున్నా. పెద్ద వాటాలున్నవారికి లాభాలు బయటికి తీసుకోవడానికి బైబ్యాక్ చవకైన దారి అయింది. పైగా కంపెనీ కట్టే పన్ను, షేర్లు ఇచ్చినవారి సొమ్ములోంచి మాత్రమే పోదు. అది అందరి సొమ్ము. షేర్లు ఇవ్వకుండా ఉండిపోయినవారు కూడా ఆ భారంలో భాగం మోశారు.

2024 బడ్జెట్ ఆ దారి మూసింది. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 2(22)లో డివిడెండ్ అంటే ఏమిటో చెప్పే జాబితాకు (ఎఫ్) అనే కొత్త ఉపవిభాగం చేర్చింది. కంపెనీల చట్టం సెక్షన్ 68 కింద కంపెనీ తన షేర్లు కొని ఇచ్చే డబ్బంతా డివిడెండే అన్నది. ఇక్కడ ‘అంతా’ అన్నదే కీలకం. అదే సెక్షన్‌లోని మిగతా ఉపవిభాగాల్లో, కంపెనీ దగ్గర పోగుపడిన లాభాల మేరకే డివిడెండ్ అనే హద్దు ఉంది. ఈ కొత్త ఉపవిభాగానికి ఆ హద్దు పెట్టలేదు.

మొత్తమంతా డివిడెండ్ అన్నాక, మన కొనుగోలు ధర ఏమైనట్టు? దాన్ని పూర్తిగా మరిచిపోతే అన్యాయం. అందుకే సెక్షన్ 46ఏ లో ఒక మాట కలిపారు. క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో ఈ షేరుకు వచ్చిన ప్రతిఫలం సున్నా అని భావించాలి. సున్నాలోంచి కొన్న ధర తీసేస్తే మిగిలేది కొన్న ధరంత నష్టం. ఆ నష్టాన్ని ఇతర మూలధన లాభాల మీద వాడుకోవచ్చు, ఈ ఏడాది కుదరకపోతే తర్వాతి 8 ఏళ్లలో వాడుకోవచ్చు.

కాగితం మీద ఇది సమతూకంగానే కనిపిస్తుంది. డబ్బు లెక్కలోకి దిగితేనే తేడా బయటపడుతుంది.

లెక్క ఎలా నడుస్తుంది?

ఒకే ఇంట్లో ముగ్గురి దగ్గరా తలా 110 ఇన్ఫోసిస్ షేర్లు ఉన్నాయనుకుందాం. ఏలూరులో రిటైరైన తండ్రి. లెక్చరరుగా పనిచేస్తూ 20 శాతం స్లాబులో ఉన్న కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 30 శాతం స్లాబులో ఉన్న కూతురు. ముగ్గురూ 2023లో షేరు రూ.1,400 చొప్పున కొన్నారు. రికార్డు తేదీ నాటికి ఒకరి దగ్గరున్న షేర్ల విలువ రూ.2 లక్షలు దాటకపోతే వారిని చిన్న వాటాదారులు అంటారు. ఆ వర్గానికి ఇన్ఫోసిస్ ప్రతి 11 షేర్లకు 2 చొప్పున అర్హత ఇచ్చింది. కాబట్టి 110 షేర్లకు 20. ఆ 20 మాత్రమే కంపెనీ తీసుకుందనుకుందాం. బయట మార్కెట్లో అప్పటి ధర, లెక్క సులువు కోసం, రూ.1,500 అనుకుందాం.

ఒక్కొక్కరికి బైబ్యాక్ మొత్తం రూ.36,000. కంపెనీ 10 శాతం, అంటే రూ.3,600 టీడీఎస్‌గా కోసుకుని రూ.32,400 బ్యాంకులో వేస్తుంది. (ఒక వ్యక్తికి ఒక కంపెనీ నుంచి ఏడాది మొత్తం డివిడెండ్ రూ.10,000 దాటకపోతే ఈ కోత ఉండదు. మామూలు డివిడెండ్, బైబ్యాక్ రెండూ కలిపే ఆ రూ.10,000 చూస్తారు.) ముగ్గురికీ నిజంగా మిగిలిన లాభం రూ.8,000. పుస్తకాల్లో మాత్రం డివిడెండ్ ఆదాయం రూ.36,000, దీర్ఘకాలిక మూలధన నష్టం రూ.28,000.

ముందు కూతురి సంగతి చూద్దాం. 30 శాతానికి సెస్సు కలిపితే 31.2 శాతం. రూ.36,000 మీద పన్ను రూ.11,232. చేతిలో మిగిలేది రూ.24,768. ఆమె ఆ షేర్లు కొన్నదే రూ.28,000కు. లాభానికి అమ్మిన షేరు మీద, పన్ను పోగా, పెట్టిన సొమ్ము కూడా వెనక్కి రాలేదు. రూ.28,000 నష్టం ఇంకా ఆమె ఖాతాలో ఉంది, నిజమే. దీర్ఘకాలిక లాభాల మీద పన్ను 12.5 శాతం, సెస్సుతో 13 శాతం. కాబట్టి ఆ నష్టాన్ని పూర్తిగా వాడుకోగలిగిన రోజున ఆమెకు రూ.3,640 ఆదా అవుతుంది. అప్పుడు మొత్తం రూ.28,408. అదే 20 షేర్లూ మార్కెట్లో రూ.1,500కు అమ్మి ఉంటే లాభం రూ.2,000, దాని మీద గరిష్ఠంగా రూ.260 పన్ను పోయి రూ.29,740 చేతికొచ్చేది. షేరుకు రూ.300 ఎక్కువ ఇచ్చిన కొనుగోలుదారు దగ్గర ఆమె తక్కువ డబ్బుతో బయటికొచ్చింది.

కొడుకు విషయంలో తీర్పు నష్టం మీద ఆధారపడుతుంది. 20.8 శాతం పన్ను పోగా అతనికి రూ.28,512 మిగులుతుంది, మార్కెట్ కన్నా తక్కువే. నష్టాన్ని వాడుకునే లాభాలు ఉంటే మాత్రం రూ.32,152 అవుతుంది, మార్కెట్ కన్నా బాగా ఎక్కువ.

తండ్రి కథ పూర్తిగా వేరు. 2025-26లో కొత్త పద్ధతి కింద మొత్తం ఆదాయం రూ.12 లక్షల వరకు ఉంటే రిబేటు వల్ల స్లాబు ఆదాయం మీద పన్ను పడదు. డివిడెండ్ స్లాబు ఆదాయమే. పెన్షన్, వడ్డీ, ఈ రూ.36,000 అన్నీ కలిపినా ఆయన ఆ గీత లోపలే ఉంటే పన్ను సున్నా. కోసిన రూ.3,600 రిటర్ను వేశాక తిరిగొస్తుంది. మార్కెట్లో అమ్మితే వచ్చే రూ.30,000కు బదులు రూ.36,000 చేతికొచ్చింది. దానికి తోడు రూ.28,000 నష్టం కూడా ఖాతాలో మిగిలింది. అయితే రూ.12 లక్షల గీత దగ్గరగా ఉన్నవారు డివిడెండ్‌గా చూపేది రూ.8,000 కాదు, రూ.36,000 అని గుర్తుంచుకోవాలి. గీత దాటించేది ఆ పెద్ద అంకే.

పై ధరలే తీసుకుంటే గీత ఎక్కడుందో కూడా చెప్పొచ్చు. నష్టాన్ని వాడుకోలేనివారికి డివిడెండ్ మీద పన్ను సుమారు 17.4 శాతం దాటితే బైబ్యాక్ గిట్టదు. పూర్తిగా వాడుకోగలవారికి ఆ గీత సుమారు 27.5 శాతం. కొన్న ధర, మార్కెట్ ధర మారితే ఈ అంకెలూ మారతాయి. అందుకే పక్కవారికి లాభించిందని మనమూ ఇచ్చేయడం సరికాదు. వారి స్లాబు వేరు, కొన్న ధర వేరు.

నష్టాన్ని ఆ డివిడెండ్‌లోంచే ఎందుకు తీసేయకూడదు?

డివిడెండ్ ‘ఇతర ఆదాయం’ అనే పద్దు కింద వస్తుంది. నష్టం ‘మూలధన లాభాలు’ అనే పద్దుది. మూలధన నష్టాన్ని మూలధన లాభాల మీదే సర్దాలి, జీతం మీదా వడ్డీ మీదా డివిడెండ్ మీదా సర్దకూడదు అన్నది చట్టంలో ఎప్పటినుంచో ఉన్న నియమం. బైబ్యాక్ కోసం దాన్ని సడలించలేదు. మామూలు డివిడెండ్ అయితే షేర్లు కొనడానికి చేసిన అప్పు వడ్డీని కొంతమేర తగ్గించుకోవచ్చు. ఈ (ఎఫ్) డివిడెండ్‌లోంచి ఆ వడ్డీ కూడా తీయనివ్వరు.

నష్టం ఎక్కడ పనికొస్తుందో చూస్తే కొంత ఊరట. షేరు ఏడాదికి మించి మన దగ్గర ఉంటే అది దీర్ఘకాలిక నష్టం. దాన్ని ఏ దీర్ఘకాలిక లాభం మీదైనా సర్దవచ్చు. అది వేరే షేర్లదే కానక్కర్లేదు. మ్యూచువల్ ఫండ్ లాభమైనా, ఊళ్లో స్థలం అమ్మితే వచ్చిన లాభమైనా సరే. ఏడాదిలోపే కొన్న షేరైతే అది స్వల్పకాలిక నష్టం. దాన్ని రెండు రకాల లాభాల మీదా సర్దుకోవచ్చు. స్వల్పకాలిక షేర్ల లాభం మీద పన్ను 20 శాతం కాబట్టి అక్కడ వాడుకుంటే ఆదా కూడా ఎక్కువ.

చాలామందికి కనబడకుండా నష్టం కరిగిపోయే చోటు ఒకటుంది. షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద ఏడాదికి రూ.1.25 లక్షల దీర్ఘకాలిక లాభం వరకు పన్ను లేదు. కానీ నష్టాన్ని ముందు సర్దాలి, ఈ మినహాయింపు ఆ తర్వాతే వస్తుంది. కూతురికి అదే ఏడాది ఫండ్లలో రూ.1 లక్ష లాభం వచ్చిందనుకోండి. నష్టం లేకున్నా దాని మీద పన్ను పడేది కాదు. అయినా రూ.28,000 నష్టం ఆ లక్షలో సర్దుకుపోయి రూ.72,000గా మిగులుతుంది. ఆమెకు పైసా ఆదా కాలేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ ఏమీ మిగల్లేదు. ‘ఈ ఏడాది వద్దు, దాచుకుంటాను’ అనే వెసులుబాటు చట్టం ఇవ్వదు. కాబట్టి బైబ్యాక్‌లో షేర్లు ఇచ్చిన ఏడాది, చిన్న లాభాల కోసం ఫండ్లు అమ్మాలా వద్దా అన్నది మార్చి 31 లోపే ఆలోచించుకోవాలి.

కొన్న ధర అంటే ఏ ధర?

నష్టమంటే కొన్న ధరే కాబట్టి, ఏ షేరు వెళ్లిందన్నది తేల్చాలి. డీమ్యాట్‌లో షేర్లకు నంబర్లు ఉండవు. అందుకే ముందు వచ్చింది ముందు పోయిందని చట్టం లెక్కిస్తుంది, అదీ ఒక్కో డీమ్యాట్ ఖాతాకు విడివిడిగా. నిరుడు ఖరీదుగా కొన్న షేర్లే ఇచ్చానని మనం చెప్పుకోలేం.

ఇన్ఫోసిస్ లాంటి షేరులో బోనస్ లెక్క ఇక్కడ అడ్డం పడుతుంది. కంపెనీ 2014, 2015, 2018 సంవత్సరాల్లో ఒకటికి ఒకటి చొప్పున బోనస్ ఇచ్చింది. ఎవరైనా 2010లో షేరు రూ.2,800 చొప్పున 10 షేర్లు కొని ఉంటే, అవి ఇప్పుడు 80 అయ్యాయి. చాలామంది రూ.28,000ను 80తో భాగించి షేరు ధర రూ.350 అనుకుంటారు. బ్రోకర్ యాప్‌లో సగటు ధర కూడా అలాగే కనిపించవచ్చు. పన్ను చట్టానికి అది సరిపోదు. బోనస్ షేరు ధర సున్నా, మొదట కొన్న షేరు ధర పూర్తిగా దానిదే. (స్ప్లిట్ అయితే వేరు. అక్కడ పాత ధరను ముక్కలకు పంచాలి.)

80 షేర్లకు 11కు 2 చొప్పున లెక్కేస్తే, పూర్ణ సంఖ్యలో 14 షేర్లు. అవి పోయాయనుకుందాం. ముందు వచ్చినవి ముందు పోయాయి కనుక, మొదటి 10 షేర్లు ఒక్కోటి రూ.2,800వి. మిగతా 4 సున్నా ధర బోనస్‌వి. నష్టం రూ.28,000. వచ్చిన డబ్బు రూ.25,200. వచ్చినదాని కన్నా నష్టమే ఎక్కువైనా లెక్క తప్పు కాదు. సగటు ధరతో వేసి ఉంటే నష్టం రూ.4,900 దగ్గరే ఆగిపోయేది. ఆ తర్వాత మిగిలిన 66 షేర్లూ సున్నా ధరవే. మళ్లీ బైబ్యాక్‌కు ఇచ్చినా నష్టం పుట్టదు. మార్కెట్లో అమ్మేటప్పుడు వాటిలో 2018 బోనస్‌వాటి మీద లాభం పెద్దగా పడుతుంది.

పాత షేర్లున్నవారు ఇంకొకటి గమనించాలి. 2018 ఫిబ్రవరికి ముందు కొన్న షేర్లను మార్కెట్లో అమ్మితే, 2018 జనవరి 31 నాటి ధరను కొనుగోలు ధరగా తీసుకునే వీలుంది. 2014, 2015 బోనస్ షేర్లకైతే అది పెద్ద మేలు. కానీ ఆ సూత్రంలో ఒక తూకం ఉంది. 2018 ధర, మనకు వచ్చిన ప్రతిఫలం, ఈ రెండింట్లో తక్కువది ఏదో చూసి, దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి ఎక్కువది తీసుకోవాలి. బైబ్యాక్‌లో ప్రతిఫలం సున్నా కాబట్టి, తక్కువది ఎప్పుడూ సున్నాయే. చివరికి మిగిలేది అసలు కొన్న ధర. పాత బోనస్ షేర్లను బైబ్యాక్‌కు ఇస్తే 2018 ధర రక్షణ పోతుంది.

రిటర్నులో ఎక్కడ చూపాలి?

ఐటీఆర్-1 సరిపోదు. నష్టం చూపి ముందుకు మోయాలంటే, వ్యాపార ఆదాయం లేనివారికి ఐటీఆర్-2 కావాలి. అందులో రూ.36,000ను Schedule OS లో, డివిడెండ్ భాగంలో 2(22)(f) కింద రాయాలి. Schedule CG లో బైబ్యాక్ నష్టానికి ఇచ్చిన గడిలో కొన్న ధర చూపాలి. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. డివిడెండ్ వైపు చూపితేనే నష్టం వైపు ఒప్పుకుంటారు. వాడుకోగా మిగిలిన నష్టం Schedule CFL లోకి చేరిందో లేదో రిటర్ను పంపే ముందు చూడాలి.

తప్పు ఎక్కువగా జరిగేది బ్రోకర్ ఇచ్చే లాభనష్టాల పట్టీ దగ్గర. బైబ్యాక్ ఎక్స్ఛేంజీ ద్వారా జరుగుతుంది కాబట్టి ఆ పట్టీలో అది మామూలు అమ్మకంలా కనిపించవచ్చు: అమ్మిన ధర రూ.36,000, కొన్న ధర రూ.28,000, లాభం రూ.8,000. దాన్ని అలాగే ఎక్కించేసి, ఫారం 26ఏఎస్‌లో కనిపించే డివిడెండ్‌నూ ఎక్కిస్తే ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను కట్టినట్టు. పైగా రావలసిన రూ.28,000 నష్టమూ పోయింది. లాభం రూ.8,000 మాత్రమే చూపి డివిడెండ్ వదిలేస్తే, కంపెనీ సెక్షన్ 194 కింద చూపిన డివిడెండ్‌తో మన రిటర్ను కలవదు, నోటీసు వస్తుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. 26ఏఎస్‌లో కంపెనీ పేరు ఎదుట, మామూలు డివిడెండ్లకు మించి బైబ్యాక్ తేదీ దగ్గర ఒక పెద్ద మొత్తం ఉంటుంది. దాన్ని ఇచ్చిన షేర్ల సంఖ్యతో భాగిస్తే బైబ్యాక్ ధర రావాలి. అలా వస్తే, బ్రోకర్ పట్టీలో అదే తేదీన ఉన్న అమ్మకం వరుసను తీసేసి, కొన్న ధరను మాత్రమే నష్టంగా పెట్టాలి. బ్యాంకులో పడిన రూ.32,400ను ఆదాయంగా రాసే పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఆదాయం టీడీఎస్ కోయకముందు ఉన్న మొత్తం.

రిటర్ను గడువు లోపల వేయకపోతే ఆ నష్టాన్ని ముందుకు మోసే హక్కు పోతుంది. తర్వాత ఆలస్య రుసుము కట్టి వేసినా అది తిరిగి రాదు. పన్ను పడేంత ఆదాయం లేని తండ్రి లాంటివారు రిటర్ను వేయనక్కర్లేదనుకుని నష్టాన్ని పోగొట్టుకునేది ఇక్కడే.

ఈ పద్ధతి ఇంకా ఎంతకాలం?

2026 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, చిన్న వాటాదారుల ప్రయోజనం కోసమంటూ, బైబ్యాక్‌ను అందరికీ మూలధన లాభంగానే చూడాలని ప్రతిపాదించారు. ప్రమోటర్ల మీద మాత్రం అదనపు పన్ను ఉంటుంది. వారికి మొత్తం భారం కంపెనీలైతే 22 శాతం, ఇతరులైతే 30 శాతం. ఆ ప్రతిపాదన 2026 ఏప్రిల్ 1 తర్వాతి బైబ్యాక్‌లకు. దాని ప్రకారం మన కూతురి లెక్కలో పన్ను రూ.36,000 మీద కాక రూ.8,000 మీద, అదీ గరిష్ఠంగా 13 శాతం, అంటే రూ.1,040. నా దృష్టిలో ఇదే సబబైన లెక్క. వాటాదారుకు వచ్చిన లాభమెంతో అంతకే పన్ను.

అయితే 2024 అక్టోబరు 1 నుంచి 2026 మార్చి 31 మధ్య అందిన బైబ్యాక్ డబ్బుకు పాత రెండు లెక్కలే వర్తిస్తాయి. ఇన్ఫోసిస్ డబ్బు ఆ గడువులోనే వచ్చింది. 2025-26లో పుట్టిన ఆ నష్టాన్ని 2033-34 వరకు ఏ ఏడాదైనా మూలధన లాభాల మీద సర్దుకోవచ్చు. ఈలోగా స్థలమో ఫ్లాటో అమ్మే ఆలోచన ఉన్న ఇంట్లో, 2025-26 ఆదాయానికి వేసిన ఐటీఆర్-2 ప్రతిని ఆ దస్తావేజుల పక్కనే పెట్టుకోవాలి. అమ్మిన ఏడాది రిటర్ను నింపేవారు పాత నష్టం ఉందా అని అడగకపోతే, మనమే చెప్పాలి.